సెమెన్ రిపోర్ట్ చదవడం ఎలా: కౌంట్, కదలిక, ఆకారం, రెండు రిపోర్టులు ఎందుకు కలవవు

నెల తేడాతో రెండు సార్లు సెమెన్ ఎనాలిసిస్ చేయిస్తే ఒకసారి వీర్యకణాల కౌంట్ 12 మిలియన్ అని, ఇంకోసారి 40 మిలియన్ అని వస్తుంది. ఏది నమ్మాలి? ఏ ల్యాబ్ తప్పు చేసింది? పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు రెండు ల్యాబులూ సరిగానే చేసి ఉంటాయి. మారింది శాంపిల్, దాన్ని ఇచ్చిన తీరు, దానికి ముందు రెండు మూడు నెలల్లో ఒంట్లో జరిగినవి.

అందుకే ఈ గైడ్‌లో అంకెల కంటే ముందు శాంపిల్ గురించి మాట్లాడుకుందాం. శాంపిల్ సరిగా లేకపోతే అంకెలు చదివి లాభం లేదు.

## 1. టెస్ట్‌కి ముందు తయారీ

విరామం. చివరిసారి వీర్యం పోయిన రోజు నుంచి టెస్ట్ రోజు వరకు కనీసం 2 రోజులు, గరిష్ఠంగా 7 రోజులు ఆగాలి. కలయిక అయినా, హస్తప్రయోగం అయినా, నిద్రలో పోయినా లెక్కలోకి వస్తుంది. 3 లేదా 4 రోజులు పెట్టుకుంటే పాటించడం తేలిక. రెండోసారి టెస్ట్ చేయించినప్పుడు కూడా అన్నే రోజులు ఆగండి. అప్పుడే రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి పోల్చగలరు.

"ఎక్కువ రోజులు ఆగితే కౌంట్ బాగా వస్తుంది కదా" అని పది పదిహేను రోజులు ఆగేవాళ్లు ఉన్నారు. పరిమాణం, కౌంట్ కొంత పెరిగే మాట నిజమే. కానీ పాతబడిన వీర్యకణాలు పేరుకుని కదలిక పడిపోవచ్చు. మీకు కావలసింది మంచి మార్కులు తెచ్చే రిపోర్ట్ కాదు, నిజం చెప్పే రిపోర్ట్.

జ్వరం. గత మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చిందా? డెంగీ, టైఫాయిడ్, కోవిడ్, ఏదైనా సరే. వచ్చి ఉంటే తేదీ రాసిపెట్టుకోండి. అత్యవసరం కాకపోతే జ్వరం తగ్గిన మూడు నెలల తర్వాత టెస్ట్ పెట్టుకోవడం మంచిది.

మందులు. వాడుతున్న ప్రతి మందు పేరూ రాసుకోండి. జిమ్‌లో ఇచ్చిన ఇంజెక్షన్లు, పౌడర్లు, ఆన్‌లైన్‌లో కొన్న "శక్తి" గుళికలు కూడా రాయండి. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మగతనం పెంచే మందు కాబట్టి కౌంట్ కూడా పెంచుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. బయటి నుంచి హార్మోన్ వస్తే, వృషణాలకు పని చెప్పే సంకేతాన్ని మెదడు ఆపేస్తుంది. కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు. డాక్టర్ రాసిన ఏ మందునూ సొంతంగా ఆపకండి, కానీ పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని ఆ డాక్టర్‌కి తప్పక చెప్పండి.

ల్యాబ్‌కి ముందే ఫోన్ చేసి అడగాల్సినవి:

- శాంపిల్ అక్కడే ఇవ్వడానికి విడిగా గది ఉందా?
- ఇంటి నుంచి తెస్తే ఎంతసేపట్లో ఇవ్వాలి?
- డబ్బా మీరే ఇస్తారా?
- కదలికను గ్రేడ్లుగా విడదీసి ఇస్తారా, మొత్తంగా ఒకే శాతం ఇస్తారా?
- వీర్య పరీక్ష రోజూ చేస్తారా, ఎప్పుడో ఒకసారా?

చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. ఈ పరీక్షలో చాలా భాగం మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషి కంటి మీద ఆధారపడుతుంది. రోజూ చేసే చెయ్యి వేరు.

## 2. శాంపిల్ ఇచ్చేటప్పుడు

ముందు మూత్రం పోసుకుని, చేతులు, అంగం సబ్బుతో కడిగి, సబ్బు మిగలకుండా నీళ్లతో శుభ్రం చేసుకుని, తడి లేకుండా తుడుచుకోండి. శాంపిల్ హస్తప్రయోగం ద్వారా ల్యాబ్ ఇచ్చిన వెడల్పు మూతి డబ్బాలోకే ఇవ్వాలి. కొబ్బరినూనె, క్రీము, జెల్లీ, ఉమ్మి, ఏదీ వాడొద్దు. ఇవి కణాల కదలికను దెబ్బతీస్తాయి. మామూలు కండోమ్ కూడా పనికిరాదు. కలయిక మధ్యలో ఆపి డబ్బాలో పట్టడం కూడా సరికాదు, మొదటి భాగం పోతుంది.

ఆ మొదటి భాగం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పుడు రిపోర్టులకు ఇదొక పెద్ద కారణం. వీర్యం అంతా ఒకే రకంగా బయటికి రాదు. మొదట ప్రోస్టేట్ ద్రవంతో కలిసి వచ్చే కొద్దిపాటి భాగంలోనే ఎక్కువ కణాలు ఉంటాయి. తర్వాత వచ్చే ఎక్కువ భాగం సెమినల్ వెసికిల్స్ అనే గ్రంథుల నుంచి వచ్చే ద్రవం, అందులో కణాలు తక్కువ. కాబట్టి మొదటి రెండు చుక్కలు డబ్బా బయట పడితే, "కొంచెమే పోయిందిలే" అనుకోవడానికి లేదు. పోయింది కొంచెం ద్రవమే, కానీ అందులో చాలా కణాలు ఉన్నాయి. చివరి భాగం కారిపోతే నష్టం తక్కువ. ఏదైనా సరే, కారిపోయిందని, అది మొదటిదా చివరిదా అని ల్యాబ్‌లో చెప్పండి. సిగ్గుపడి దాచిపెడితే ఆ తప్పు అంకె మీ పేరు మీదే ఉండిపోతుంది.

ఇంటి నుంచి తెచ్చేవాళ్లు అరగంటలో, ఎట్టి పరిస్థితిలోనూ గంట లోపు ల్యాబ్‌లో ఇవ్వాలి. దారిలో ఉష్ణోగ్రత 20 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి. డబ్బాని చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకుంటే సరిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఐస్ మీద పెట్టొద్దు. మే నెల ఎండలో బండి డిక్కీలోనో కారు డాష్‌బోర్డు మీదో అసలు పెట్టొద్దు.

ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి:

- ఎన్ని రోజులు ఆగారు
- శాంపిల్ వచ్చిన సమయం (గంట, నిమిషం)
- ఏమైనా కారిపోయిందా, ఏ భాగం
- మూడు నెలల్లో జ్వరం, వాడుతున్న మందులు

## 3. రిపోర్ట్ తెరిచాక ముందు పై భాగం చూడండి

అంకెల పట్టికలోకి పోకముందు విరామం ఎన్ని రోజులు, శాంపిల్ ఎప్పుడు వచ్చింది, పరీక్ష ఎప్పుడు మొదలైంది, మొత్తం వచ్చిందా అనేవి చూడండి. ఇవి ఖాళీగా ఉన్న రిపోర్ట్ మీద పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకూడదు.

తర్వాత "లిక్విఫాక్షన్" అనే గడి చూడండి. వీర్యం బయటికి రాగానే జిగటగా గడ్డకట్టినట్టు ఉండి, మామూలుగా 15 నుంచి 30 నిమిషాల్లో, ఆలస్యమైతే గంట లోపు పలచబడుతుంది. పలచబడక ముందే లెక్కపెడితే కణాలు సమంగా కలవవు, ఒక చుక్కలో ఎక్కువ, ఇంకో చుక్కలో తక్కువ ఉంటాయి.

## 4. పరిమాణం, కౌంట్, మొత్తం సంఖ్య

రిపోర్ట్‌లో పక్కన ఉండే "రిఫరెన్స్" అంకెలు ఎక్కడివో ముందు తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వీర్య పరీక్ష మాన్యువల్ ఆరో ఎడిషన్ తెచ్చింది. ప్రయత్నం మొదలుపెట్టిన ఏడాది లోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్ల రిపోర్టుల నుంచి తీసుకున్న అంకెలవి. వాళ్లలో వంద మందిని తక్కువ నుంచి ఎక్కువకు వరసలో నిలబెడితే, కింది నుంచి ఐదో మనిషి దగ్గర ఉన్న అంకెనే కింది హద్దు అంటారు. అంటే ఆ హద్దుకి కింద ఉన్న ఐదుగురు కూడా తండ్రులైనవాళ్లే. హద్దు కింద ఉంటే పిల్లలు పుట్టరని, పైన ఉంటే తప్పకుండా పుడతారని అర్థం కాదు.

కౌంట్‌కి సంబంధించిన కింది హద్దులు ఇవి:

- పరిమాణం: 1.4 మిల్లీలీటర్లు
- ఒక మిల్లీలీటర్‌లో కణాలు: 16 మిలియన్, అంటే 1.6 కోట్లు
- మొత్తం శాంపిల్‌లో కణాలు: 39 మిలియన్, అంటే 3.9 కోట్లు

ఆ తండ్రులలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి కౌంట్ మిల్లీలీటర్‌కి 66 మిలియన్. 16కి, 66కి మధ్య ఎంత చోటుందో చూడండి.

కొన్ని ల్యాబుల కాగితాల మీద ఇప్పటికీ 20 మిలియన్ అని ఉంటుంది. అది 1999 నాటి ఎడిషన్ హద్దు. 2010 ఎడిషన్‌లో 15 ఉండేది. అందుకే 18 మిలియన్ వచ్చిన మనిషికి ఒక ల్యాబ్ "తక్కువ" అని ఎర్ర గీత పెడితే, ఇంకో ల్యాబ్ "నార్మల్" అంటుంది. మనిషిలో మార్పేమీ లేదు, కాగితంలోనే ఉంది.

ఇక అసలు విషయం. మిల్లీలీటర్‌కి ఎన్ని అన్న అంకెను మాత్రమే చూడకండి. దాన్ని పరిమాణంతో గుణించి మొత్తం ఎన్నో చూడండి. మిల్లీలీటర్‌కి 14 మిలియన్ ఉండి, పరిమాణం 4 మిల్లీలీటర్లు ఉంటే మొత్తం 56 మిలియన్. ఇంకొకరికి మిల్లీలీటర్‌కి 30 మిలియన్ ఉన్నా పరిమాణం 0.8 మాత్రమే అయితే మొత్తం 24 మిలియన్. మొదటి మనిషికి కౌంట్ గడిలో ఎర్ర గీత పడుతుంది, కానీ రెండో మనిషి కంటే ఆయనకు రెట్టింపు పైగా కణాలున్నాయి.

పరిమాణం బాగా తక్కువ ఉంటే ముందు అడగాల్సింది "ఏమైనా కారిపోయిందా" అని. కారలేదు, విరామం కూడా సరిపోయింది, అయినా మళ్లీ అంతే వస్తే అప్పుడు కారణం వెతకాలి. షుగర్ ఉన్నవాళ్లలో, కొన్ని ఆపరేషన్లు అయినవాళ్లలో వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది, ఆ వెంటనే మూత్రం పరీక్షిస్తే తెలుస్తుంది. పరిమాణం తక్కువగా ఉండి, పీహెచ్ కూడా 7.2 కంటే తక్కువై, కణాలు అసలు కనిపించకపోతే, నాళం మూసుకుపోవడమో పుట్టుకతో లేకపోవడమో అని డాక్టర్లు అనుమానిస్తారు.

సున్నా వస్తే. రిపోర్ట్‌లో "నిల్" అని కనిపిస్తే కాళ్ల కింద నేల కదిలినట్టు ఉంటుంది. ముందు ఒక ప్రశ్న అడగండి: శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగినదాన్ని చూశారా? మామూలు చుక్కలో కనిపించని కొద్దిపాటి కణాలు అలా బయటపడతాయి. చాలా కొద్ది కణాలు ఉండటానికి, అసలు లేకపోవడానికి చికిత్సలో తేడా ఎంతో ఉంటుంది. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా మళ్లీ ఒక శాంపిల్ ఇవ్వాలి.

## 5. కదలిక

ఇందులో రెండు అంకెలు ఉంటాయి, చాలామంది కలిపేసుకుంటారు. మొత్తం కదలిక అంటే కదులుతున్నవన్నీ, ఉన్నచోటే తోక ఆడిస్తున్నవి కూడా. దీని కింది హద్దు 42 శాతం. ప్రోగ్రెసివ్ మొటిలిటీ అంటే ముందుకు ఈదుతున్నవి మాత్రమే. దీని కింది హద్దు 30 శాతం. అండం దాకా పోగలిగేవి ఇవే కాబట్టి చూడాల్సింది ముఖ్యంగా ఈ రెండో అంకె.

2021 ఎడిషన్ ముందుకు పోయే కణాలను మళ్లీ రెండుగా విడదీసింది. సెకనుకి 25 మైక్రోమీటర్లు, అంటే తన తల పొడవుకి దాదాపు ఐదారు రెట్ల దూరం ఈదేవి వేగమైనవి, అంతకంటే తక్కువైతే నెమ్మదివి. మీ రిపోర్ట్‌లో ఏ, బీ, సీ, డీ అని ఉంటే వరసగా వేగం, నెమ్మది, ఉన్నచోటే కదిలేవి, కదలనివి అని చదువుకోండి. ప్రోగ్రెసివ్ అంటే ఏ, బీ కలిపి.

మూడు అంకెల్లో శాంపిల్ తీరుకి అన్నిటికంటే త్వరగా దెబ్బతినేది కదలికే. గంట దాటితే పడిపోతుంది. చల్లబడితే పడిపోతుంది. నూనె తగిలితే పడిపోతుంది. అందుకే కదలిక ఒక్కటే తక్కువగా ఉండి మిగతావి బాగుంటే, ముందు సమయాల గడి చూడండి.

కదలిక 40 శాతం కంటే తక్కువ ఉంటే "వైటాలిటీ" పరీక్ష చేశారా అని అడగండి. కదలని కణం చచ్చిపోయిందా, బతికి ఉండి కదలలేకపోతోందా అనేది ఒక రంగు వేసి చూస్తారు. చచ్చిన కణంలోకి రంగు దిగుతుంది, బతికినదాంట్లోకి దిగదు. బతికి ఉన్నవి కనీసం 54 శాతం ఉండాలి. ఎక్కువ భాగం బతికే ఉండి, రెండు మూడు టెస్టుల్లోనూ అసలు కదలకపోతే తోక నిర్మాణంలోనే లోపం ఉండొచ్చు. ఆ పని ఇక స్పెషలిస్ట్‌ది.

## 6. ఆకారం

జనం ఎక్కువగా బెదిరిపోయేది ఈ అంకె చూసే. "నార్మల్ 4 శాతం, అబ్‌నార్మల్ 96 శాతం" అని ఉంటుంది. 96 శాతం చెడిపోయాయా అని ఆ రాత్రి నిద్ర ఉండదు. నిజానికి 4 శాతం అంటే సరిగ్గా కింది హద్దు మీద ఉన్నట్టు. తండ్రులైనవాళ్లలో మధ్యలో ఉన్న మనిషికి కూడా 14 శాతమే.

ఇంత తక్కువ ఎందుకంటే కొలత చాలా కఠినం. తల నున్నగా కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి, మెడ దగ్గర భాగం సన్నగా, వంకర లేకుండా ఉండాలి, తోక తల కంటే దాదాపు పది రెట్లు పొడవుండాలి. వీటిలో ఏ ఒక్కటి కాస్త అటుఇటుగా ఉన్నా ఆ కణం అబ్‌నార్మల్ లెక్కలోకే పోతుంది. సందేహం ఉన్నవి కూడా అటే వేస్తారు.

ఆకారం బాగాలేని కణం వల్ల పుట్టే బిడ్డకు అవకరం వస్తుందేమో అన్న భయం చాలామందిలో ఉంది. ఈ పరీక్ష చూసేది కణం బయటి రూపాన్ని మాత్రమే. లోపలి జన్యువుల గురించి ఇది ఏమీ చెప్పదు.

మూడింటిలోనూ ఈ అంకెకే నేను తక్కువ బరువు ఇస్తాను. కౌంట్, కదలిక బాగుండి ఆకారం ఒక్కటే 2 లేదా 3 శాతం ఉంటే, దానికోసమే ఖరీదైన చికిత్సలోకి దూకకుండా ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. పట్టించుకోవాల్సిన సందర్భం ఒకటుంది: రెండు టెస్టుల్లోనూ సున్నా వచ్చి, దాదాపు అన్ని కణాల్లోనూ ఒకే రకం లోపం రాసి ఉంటే, ఉదాహరణకి అన్ని తలలూ గుండ్రంగా ఉన్నాయని ఉంటే, అది వెంటనే చూపించాల్సిన విషయం.

## 7. రెండు శాంపిళ్లు ఎందుకు కలవవు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మాన్యువల్‌లో ఒక బొమ్మ ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకుల శాంపిళ్లను ఏడాదిన్నర పాటు మళ్లీ మళ్లీ పరీక్షించి గీసినది. ఒక్కొక్కరి అంకెలూ పర్వతాల్లా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఏ జబ్బూ లేని మనిషిలోనే ఇంత తేడా ఉంటుంది. ఈ తేడా మూడు చోట్ల నుంచి వస్తుంది.

ఒంట్లో నుంచి. కణం తయారవడానికి వృషణంలో రెండు నెలలకు పైగా పడుతుంది, ఆ తర్వాత బయటి గొట్టంలో పరిపక్వం కావడానికి ఇంకో వారం రెండు వారాలు. అంటే ఈరోజు డబ్బాలో పడిన కణం దాదాపు మూడు నెలల కిందట మొదలైంది. అప్పటి జ్వరం ఇప్పటి రిపోర్ట్‌లో కనిపిస్తుంది. బాయిలర్, కొలిమి, తందూరీ పొయ్యి దగ్గర పనిచేసేవాళ్లకు వేడి ప్రభావం కూడా ఇలాగే ఆలస్యంగా కనిపిస్తుంది. మానేసిన సిగరెట్ ఫలితం కూడా వచ్చే వారం రిపోర్ట్‌లో వెతకకండి.

డబ్బాలో నుంచి. విరామం రోజులు, కారిపోవడం, ఆలస్యం, చల్లదనం. ఇవి పైన చెప్పుకున్నాం.

లెక్కలో నుంచి. దీన్ని ఎవరూ చెప్పరు. శాంపిల్‌లో ఉన్న కోట్ల కణాలన్నిటినీ ల్యాబ్‌లో లెక్కపెట్టరు. మాన్యువల్ ప్రకారం రెండు సార్లు, సారికి 200 చొప్పున, మొత్తం 400 కణాలు లెక్కపెట్టి మిగతాది గుణిస్తారు. అంత జాగ్రత్తగా చేసినా, కేవలం ఏ చుక్క తీశారన్న దాన్ని బట్టి కౌంట్ 10 శాతం దాకా అటుఇటు అవుతుంది. తొందరలో 100 కణాలే లెక్కపెడితే అది 20 శాతం అవుతుంది. కదలిక 50 శాతం అని వస్తే, 200 కణాల లెక్క మీద అసలు విలువ 43 నుంచి 57 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆకారం 4 శాతం అంటే 200లో 8 కణాలు. ఇంకో 200 చూస్తే 5 దొరకొచ్చు, 12 దొరకొచ్చు. అంటే ఒకే శాంపిల్ నుంచి 2.5 శాతం, 6 శాతం రెండూ నిజాయితీగానే రావొచ్చు.

అందుకే మందు వాడాక ఆకారం 3 నుంచి 5కి వచ్చిందని సంబరపడటానికి గానీ, 5 నుంచి 3కి పడిందని బెంగపడటానికి గానీ ఆధారం లేదు.

## 8. ఒక కేసు, అంకెలతో సహా

ఇలాంటివి ఎలా ఉంటాయో చూపడానికి ఒక నమూనా కేసు తీసుకుందాం. ఆయనకు 32 ఏళ్లు, పెళ్లై రెండేళ్లు దాటింది, ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నారు. ఊళ్లో ల్యాబ్ లేదు, ఇంట్లో శాంపిల్ తీసి బండి మీద టౌన్‌కి తెచ్చారు.

మొదటి రిపోర్ట్: పరిమాణం 1.0 మిల్లీలీటర్, కౌంట్ 9 మిలియన్, ప్రోగ్రెసివ్ కదలిక 15 శాతం, ఆకారం 3 శాతం. నాలుగు చోట్లా ఎర్ర గీతలు. ఎవరో "డైరెక్ట్‌గా ఐసీఎస్ఐకి వెళ్లిపోండి" అన్నారు, అంటే ల్యాబ్‌లో ఒక్క కణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతికి.

కూర్చోబెట్టి అడిగితే నాలుగు విషయాలు బయటపడ్డాయి. విరామం ఒక్క రోజే. మొదటి చుక్కలు డబ్బా బయట పడ్డాయి. ల్యాబ్‌కి చేరేసరికి గంటన్నర అయింది. ఐదు వారాల కిందట డెంగీ వచ్చి తగ్గింది. రిపోర్ట్‌లో వీటిలో ఏ ఒక్కటీ రాసి లేదు.

జ్వరం తగ్గి మూడు నెలలు దాటాక, మూడు రోజుల విరామంతో, ల్యాబ్ గదిలోనే మళ్లీ ఇచ్చారు. పరిమాణం 2.6, కౌంట్ 31 మిలియన్, ప్రోగ్రెసివ్ కదలిక 38 శాతం, ఆకారం 4 శాతం.

ఇప్పుడు ఒక గుణకారం చేద్దాం. పరిమాణం, కౌంట్, ప్రోగ్రెసివ్ శాతం మూడింటినీ గుణిస్తే ముందుకు ఈదే కణాలు మొత్తం ఎన్నో వస్తుంది.

- మొదటిసారి: 1.0 × 9 × 0.15 = 1.35 మిలియన్
- రెండోసారి: 2.6 × 31 × 0.38 = దాదాపు 30.6 మిలియన్

వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐ సరిపోతుందా, ఐవీఎఫ్ కావాలా, ఐసీఎస్ఐ కావాలా అన్న చర్చలో డాక్టర్లు బాగా చూసే అంకె ఇది. అదే మనిషిలో ఇరవై రెట్లకు పైగా మారింది. నాలుగు కారణాల్లో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేం, నాలుగూ ఒకేసారి ఉన్నాయి కాబట్టి. ఆకారం మాత్రం 3 నుంచి 4కి మారింది అంటే 200లో 6 నుంచి 8 కణాలు, అది మార్పు కిందకే రాదు.

రెండో రిపోర్ట్ హద్దుల్లో ఉందని ఆ జంట పని అయిపోలేదు. ఏడాదిన్నర అయింది కాబట్టి భార్యకు అండం విడుదల, ట్యూబుల పరీక్షలు జరగాలి. అసలు భర్త రిపోర్ట్ కోసం ఆగకుండా అవి మొదటి నుంచీ సమాంతరంగా జరగాల్సింది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. విరామం సరిగ్గా ఉండి, జ్వరం లేకుండా, ల్యాబ్‌లోనే ఇచ్చిన రెండు శాంపిళ్లలో 3 మిలియన్, 4 మిలియన్ వస్తే అది యాదృచ్ఛికం కాదు. "ఇంకోసారి చూద్దాం" అంటూ నెలలు గడపకండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే తీరు

రౌండ్ సెల్స్‌ని పస్ సెల్స్ అనుకోవడం. గుండ్రటి కణాలన్నీ చీము కణాలు కావు, ఇంకా తయారవుతున్న వీర్యకణాలు కూడా గుండ్రంగానే ఉంటాయి. వాటిని విడదీయడానికి పెరాక్సిడేజ్ అనే రంగు పరీక్ష ఉంది. మంట, నొప్పి ఏమీ లేకుండా, ఈ గడి ఒక్కటి చూసి యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెడుతుంటే, ఆ పరీక్ష చేశారా అని అడగండి.

ప్రతి రెండు వారాలకూ టెస్ట్ చేయించడం. మందు మొదలుపెట్టి పదిహేను రోజులకే రిపోర్ట్ మారిందంటే అది మందు పని అయ్యే అవకాశం తక్కువ, మామూలు ఎగుడుదిగుడే. ఫలితం తేల్చుకోవాలంటే మూడు నెలలు ఆగాలి.

ల్యాబ్ మార్చి పోల్చడం. మందుకి ముందు ఒక ల్యాబ్, తర్వాత ఇంకో ల్యాబ్ అయితే ఏది మందు వల్ల మారిందో, ఏది ల్యాబ్ వల్ల మారిందో తెలియదు. మంచి ల్యాబ్ ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

శాంపిల్ రాకపోవడం. ల్యాబ్ గదిలో టెన్షన్‌తో శాంపిల్ ఇవ్వలేకపోవడం చాలామందికి జరుగుతుంది. బలవంతం మీద కొంచెమే వస్తే "పూర్తిగా రాలేదు" అని చెప్పండి. ఇల్లు దగ్గరైతే ఇంటి నుంచి తేవడానికి అనుమతి అడగండి. కణాలకు హాని చేయని ప్రత్యేకమైన కండోమ్‌లు కూడా కొన్ని ఫెర్టిలిటీ సెంటర్లలో దొరుకుతాయి.

## 10. రెండో టెస్ట్ ఎప్పుడు, డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

మొదటి రిపోర్ట్ అన్నీ హద్దుల్లో ఉంటే మామూలుగా మళ్లీ అక్కర్లేదు. కొంచెం తేడాగా ఉంటే, ఆలస్యం చేయడానికి వేరే కారణం లేనప్పుడు, ఒక నెల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు. జ్వరం వచ్చి ఉంటే మూడు నెలలు ఆగండి. సున్నా గానీ, మరీ తక్కువ గానీ వస్తే వీలైనంత త్వరగా మళ్లీ ఇవ్వండి.

రెండుసార్లూ తక్కువగా వస్తే యూరాలజిస్ట్‌నో, ఆండ్రాలజీ చూసే డాక్టర్‌నో కలవాలి. వాళ్లు ముందు చేతితో వృషణాల పరిమాణం, వేరికోసీల్ అంటే ఉబ్బిన సిరలు ఉన్నాయేమో చూస్తారు. వృషణాలకు పని చెప్పే ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్‌కి, టెస్టోస్టెరాన్‌కి రక్తపరీక్షలు రాస్తారు. కౌంట్ 5 మిలియన్ కంటే తక్కువైతే క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోమ్‌లో ముక్కలు పోయాయా అన్న పరీక్ష కూడా అడగొచ్చు. పరీక్ష చేయకుండా, చేత్తో చూడకుండా, రిపోర్ట్ మాత్రమే చూసి నెలల తరబడి విటమిన్ మాత్రలు రాసే చోట ఆగిపోకండి. వృషణంలో గడ్డ చేతికి తగిలినా, నొప్పి ఉన్నా, కౌంట్ ఎంతున్నా సరే, ఆ వారంలోనే చూపించుకోవాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- ఇప్పటిదాకా చేయించిన రిపోర్టులన్నీ, తేదీల వరసలో
- ప్రతి రిపోర్ట్ మీద పెన్నుతో రాసిన విరామం రోజులు, శాంపిల్ ఎక్కడ ఇచ్చారు, ఏమైనా కారిపోయిందా
- ముందుకు ఈదే కణాల మొత్తం, ఒక్కో రిపోర్ట్‌కి మీరు గుణించి చూసుకున్నది
- జ్వరం తేదీలు, మందుల పేర్లు, చిన్నప్పుడు అయిన హెర్నియా లేదా వృషణం కిందికి దింపే ఆపరేషన్లు, గవదబిళ్లలప్పుడు వృషణం వాచిందా అన్న సంగతి
- పని చేసే చోట వేడి, రంగులు, పురుగుమందులతో రోజూ పని ఉందా
- భార్య పరీక్షల కాగితాలు, ఇద్దరూ కలిసి వెళ్లడం కుదిరితే ఇంకా మంచిది